అద్దంలో తిరగబడని రూలు

ప్రశ్న: ఆరేళ్లుగా బ్రిటన్‌లో కారు నడుపుతున్నాను. ఇంతవరకు చిన్న గీత కూడా పడలేదు. వచ్చే నెల ఉద్యోగం మీద జర్మనీ వెళ్తున్నాం. బ్రిటిష్ లైసెన్సు ఇస్తే పరీక్ష ఏదీ లేకుండానే జర్మన్ లైసెన్సు ఇస్తారట. మావారేమో "అందులో ఏముంది, అద్దంలో చూసినట్టు అన్నీ తిప్పేసుకోవడమే" అంటున్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. థియరీలో నేను నిజంగా మళ్లీ నేర్చుకోవాల్సినవి ఏవి?

సమాధానం: మీవారి మాట సగం నిజమండీ. ఆ సగం గురించి బెంగ పెట్టుకోకండి. కుడివైపున నడపడం, ఎడమవైపు నుంచి దాటడం, పెద్ద రోడ్డు మీదికి వచ్చేటప్పుడు ముందుగా ఎడమకు చూడడం, ఇవన్నీ నిజంగానే అద్దంలో బొమ్మలే. ముందూ వెనకా నాలుగు కార్లు ఉంటే అవే మిమ్మల్ని సరైన వైపున నడిపిస్తాయి. మిగిలిన సగంలో ఒక రూలు ఉంది. అద్దంలో పెట్టి తిప్పితే అది తప్పయి కూర్చుంటుంది. పైగా మీకు పరీక్ష లేదు కాబట్టి, ఆ తప్పును చూపించి చెప్పేవాళ్లూ ఉండరు. కూడలిలో వినిపించే హారనే మీకు పరీక్ష.

ఆ రూలు పేరు జర్మన్‌లో రెఖ్ట్స్ ఫోర్ లింక్స్. అంటే ఎడమ కంటే కుడికి ముందు దారి. బోర్డు గానీ సిగ్నల్ లైటు గానీ లేని కూడలిలో మీ కుడి పక్క నుంచి ఎవరొచ్చినా మీరే ఆగాలి. సైకిల్ మీద వచ్చినా సరే. మీరు తిన్నగా వెళ్తున్నారా, మీ రోడ్డు వెడల్పుగా ఉందా, అటుది చిన్న సందా అన్న లెక్క లేదు. టీ ఆకారపు జంక్షన్‌లో కాండం లాంటి సందులోంచి ఒకాయన తాపీగా వస్తున్నా, అడ్డంగా తిన్నగా పోతున్న మీరే బ్రేకు వేయాలి.

బ్రిటన్‌లో ఆరేళ్లు నడిపిన మనిషికి ఇది ఒక పట్టాన మింగుడుపడదు. అక్కడ పక్క రోడ్డు చివర తెల్లటి తెగిన గీతలు జంటగా ఉంటాయి. ఆ గీతల దగ్గర ఆగాల్సింది అటునుంచి వచ్చేవాడు. మీరు తిన్నగా పోతుంటే ఆ సందు వైపు ఒక కన్నేసి సాగిపోతారు. గీతలు కూడా లేని చోట బ్రిటిష్ హైవే కోడ్ ఎవరికీ ముందు హక్కు ఇవ్వదు, అందరూ జాగ్రత్తగా ఉండమంటుంది అంతే. కాబట్టి "బోర్డు లేదు, కుడి సందులో కారుంది, నేను ఆగాలి" అన్న ఆలోచన మీ తలలో ఇంతవరకు పుట్టనే లేదు. పుట్టని ఆలోచనను అద్దంలో తిప్పడం ఎలా?

ఇక మీవారు చెప్పారు కదా అని తిప్పబోతే ఏమవుతుందో చూడండి. బ్రిటన్‌లో రౌండబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారి ఇస్తారు. జర్మనీలో వలయం అటుదిటు తిరుగుతుంది కాబట్టి ఎడమవైపు వాళ్లకు ఇవ్వాలి. ఇది సరైనదే. అయితే "దారి ఇవ్వాల్సింది ఎడమకు" అని ఒక ముక్కగా మనసులో రాసుకుని మామూలు కూడలికి వెళ్తే, ఎడమవాడి కోసం ఆగి, కుడివాడి ముందుకు దూసుకుపోతారు. ఆగాల్సిన అవసరం లేని చోట ఆగడం, ఆగాల్సిన చోట పోవడం, రెండూ ఒకేసారి.

నేను చేసింది సరిగ్గా అదే. వచ్చిన మూడో వారం, ఆదివారం పొద్దున, రోడ్డు మీద మనుషులే లేరు. ఇళ్ల మధ్య వీధి. ఎడమ సందులో ఒక కారు కనిపిస్తే మర్యాదగా ఆగాను. ఆవిడ కదలలేదు, నాకేసి వింతగా చూస్తోంది. సరేలే అని నేను కదిలాను. కుడి పక్కన కంచె చాటు నుంచి వ్యాను ముక్కు బయటికొచ్చింది. ఇద్దరం బ్రేకులు తొక్కాం. మధ్యలో జానెడు ఉంది. వ్యాను ఆయన తిట్టలేదు, కుడి చెయ్యి ఎత్తి దాన్ని రెండో చేత్తో తట్టి చూపించాడు. చిన్నపిల్లలకు కుడి ఎడమలు నేర్పినట్టు.

ఆ వ్యాను ఎందుకంత దగ్గరగా వచ్చిందో తర్వాత కాగితం మీద గీసుకుంటే అర్థమైంది. మీరూ గీసి చూడండి. కుడికి దారి ఇవ్వాలనే రూలు ఎడమవైపున నడిపే దేశాల్లోనూ ఉంది, ఆస్ట్రేలియా బోర్డులు లేని నాలుగు రోడ్ల కూడలిలో అదే చెబుతుంది. అయితే అక్కడ మీరు రోడ్డుకు ఎడమ సగంలో ఉంటారు. కుడి నుంచి అడ్డంగా వచ్చే కారు ముందు ఎదురువాళ్ల సగాన్ని దాటి, ఆ తర్వాతే మీ ముందుకు వస్తుంది. ఒక లేన్ వెడల్పు మీకు కలిసొస్తుంది. జర్మనీలో మీరు కుడి సగంలో, అంటే ఆ సందు మూతికి ఆనుకునే ఉంటారు. సందు దాటి వచ్చిన కారు మొట్టమొదట వచ్చేది మీ లేన్‌లోకే. మధ్యలో ఖాళీ ఉండదు. రూలు ఒకటే, తప్పుకు దొరికే వ్యవధి మాత్రం బాగా తక్కువ.

అందుకే అక్కడి వాళ్లు ఇళ్ల మధ్య వీధుల్లో ప్రతి కుడి సందు దగ్గరా కాలు తీసి బ్రేకు మీద పెడతారు. అక్కడి డ్రైవింగ్ స్కూళ్లు నేర్పే లెక్క ఒకటుంది, తేలికైనది. వేగాన్ని పదితో భాగించి మూడుతో గుణిస్తే, బ్రేకు తొక్కేలోపు కారు పోయే మీటర్లు. వేగాన్ని పదితో భాగించి దాన్ని దానితోనే గుణిస్తే, తొక్కాక ఆగే మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల దగ్గర 9, 9 కలిపి 18 మీటర్లు. 20కి దిగితే 6, 4 కలిపి 10. కంచె మూల నుంచి మీకు 12 మీటర్ల దూరమే కనిపిస్తోందంటే, బోర్డు మీద 30 అని రాసి ఉన్నా ఆ మూల దగ్గర మీ వేగం 20 దాటకూడదన్నమాట.

"ఈ కూడలిలో ఆ రూలు ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?" అని మీరు అడగాలి. అసలు నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది, కాబట్టి ఒక వీధిలోకి మిమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్తాను.

పెద్ద రోడ్డు మీద వస్తున్నారనుకోండి. మొనమీద నిలబెట్టిన పసుపు పలక, చుట్టూ తెల్ల అంచు, ఆ బోర్డు కనిపించింది. ఇది ముందు హక్కున్న రోడ్డు. ఆ హక్కు ముందు కూడళ్లలో కూడా సాగుతుంది, కుడి సందుల వాళ్లే ఆగుతారు. ఇక్కడ మీ బ్రిటిష్ అలవాటు బాగానే పనిచేస్తుంది. ఇప్పుడు కుడికి తిరిగి ఇళ్ల మధ్యకు వచ్చారు. తెల్ల పలక మీద ఎర్ర వలయంలో 30, కింద జోన్ అని రాసి ఉంటుంది. ఈ బోర్డు చూడగానే మనసులో మీట మార్చాలి, ఎందుకంటే ఈ జోన్లలో కుడికి ముందు దారి అన్నదే మామూలు పద్ధతి. పసుపు పలక ఉండదు, రోడ్డు మధ్య గీత ఉండదు, సందు చివర గీతలూ ఉండవు. ఏ గుర్తూ లేకపోవడమే ఇక్కడ గుర్తు.

మొదటి సందు కుడివైపు. తారు రోడ్డు అటునుంచి ఇటు అదే మట్టంలో కలిసింది, బోర్డు లేదు. దారి ఇవ్వాలి. రెండోది కూడా కుడివైపే, కానీ నేల చూడండి: పేవ్‌మెంట్ ఆ సందు మూతికి అడ్డంగా సాగిపోయింది, అంచురాయి కాస్త దిగింది గానీ తెగలేదు. అంచురాయి మీదుగా దిగి వచ్చేవాడు అందరికీ దారి ఇవ్వాలి. ఇళ్ల గేట్ల లోంచి, పెట్రోల్ బంకు లోంచి, పొలం బాట లోంచి వచ్చేవాళ్లూ అంతే. ఇక్కడ మీరు సాగిపోవచ్చు. మూడో సందులో ఏదో బోర్డు ఉంది, అది అటు తిరిగి ఉంది, వీపు మాత్రమే కనిపిస్తోంది. వీపు ఆకారం తలకిందులైన త్రికోణమా, ఎనిమిది పలకలా? ఏదైనా సరే, ఆగాల్సింది అతను. ఈ రెండు బోర్డులకు ప్రత్యేకమైన ఆకారం ఉండడంలో ఉన్న లాభం ఇదే, వెనక నుంచి కూడా చదవొచ్చు.

నాలుగో చోట నాలుగు రోడ్లు కలిశాయి, నాలుగు వైపులా నాలుగు కార్లు ఒకేసారి వచ్చాయి. అందరికీ కుడివైపు ఎవరో ఒకరు ఉన్నారు. రూలు ప్రకారం ఎవరూ కదలకూడదు! ఇలాంటప్పుడు ఒకరు తన హక్కు వదులుకుని, పక్కవాడికి చేత్తో సైగ చేయాలి. అతను కదిలినట్టు కళ్లారా చూశాక ముడి విడుతుంది. మీ హక్కు అని తెలిసినా మీ కుడివైపు చూడకుండా మాత్రం కదలొద్దు. ఎడమవాడు మీకోసం ఆగాడంటే మీ దారి మొత్తం ఖాళీ అని కాదు.

ఇప్పుడు రౌండబౌట్‌కి మళ్లీ వస్తాను, అక్కడ ఇంకో ముడి ఉంది. తిరిగే దిశ, చూసే వైపు అద్దంలోలా మారిపోయాయి, మంచిదే. ఇండికేటర్ మాత్రం మారదు, దాని పద్ధతే వేరు. బ్రిటన్‌లో కుడివైపు దూరపు దారికి పోవాలంటే లోపలికి రాకముందే కుడి ఇండికేటర్ వేస్తారు. దాన్ని తిప్పి జర్మనీలో ఎడమ ఇండికేటర్ వేస్తూ లోపలికి వెళ్లారంటే, అది అక్కడ నిషేధం. లోపలికి వెళ్లేటప్పుడు ఏ ఇండికేటరూ వేయకూడదు. బయటికి వచ్చేటప్పుడు కుడిది తప్పనిసరి. నీలం గుండ్రటి బోర్డు మీద మూడు తెల్ల బాణాలు, దాని పక్కన తలకిందుల త్రికోణం, ఈ రెండూ ఉంటేనే లోపలివాళ్లకు హక్కు. ఆ బోర్డులు లేకుండా రోడ్డు ఊరికే గుండ్రంగా ఉంటే మళ్లీ కుడి రూలే, అంటే లోపలికి వచ్చేవాడిదే హక్కు. జర్మనీలో ఇది అరుదు. కానీ ఎప్పుడైనా పారిస్‌కు కారు తీసుకెళ్తే, విజయతోరణం చుట్టూ ఉన్న ఆ మహా వలయంలో జరిగేది ఇదే. లోపల తిరుగుతున్నవాళ్లు ఆగి, వచ్చేవాళ్లకు దారి ఇస్తుంటారు. మొదటిసారి చూసినప్పుడు ఊరంతా తప్పు చేస్తోందేమో అనిపిస్తుంది.

సిగ్నళ్ల దగ్గర మీకోసం ఒక ఉచ్చు ఉంది. రంగులు, వాటి వరస రెండు చోట్లా ఒకటే కాబట్టి అనుమానం రాదు. కొన్ని ఎర్ర లైట్ల పక్కన చిన్న నల్ల రేకు మీద ఆకుపచ్చ బాణం పెయింటు వేసి ఉంటుంది, కుడికి చూపిస్తూ. బ్రిటన్‌లో వెలిగే ఆకుపచ్చ బాణం అంటే "నీ దారి ఖాళీ, పో" అని. ఈ రేకు బాణానికి అర్థం అది కాదు. ఎర్ర లైటు అంటే ఎర్ర లైటే. గీత దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాలి, చూడాలి, ఎవరికీ అడ్డం రాకపోతే కుడికి తిరగొచ్చు. తిరగకుండా ఆకుపచ్చ లైటు కోసం నిలబడినా తప్పు లేదు, వెనకవాడు హారన్ కొట్టినా సరే. బాణం నిజంగా వెలుగుతుంటే మాత్రం అది మీకు తెలిసిన బాణమే. పెయింటా, లైటా అన్నది ఒక్కసారి చూసుకోండి. ఈ రేకు లేని ఎర్ర లైటు దగ్గర కుడికి తిరగకూడదు. అమెరికాలో నడిపిన స్నేహితులు "ఎర్ర లైటున్నా కుడికి తిరిగిపోవచ్చు" అని చెప్తారు, అది వాళ్ల దేశపు రూలు.

ఆకుపచ్చ లైటు మీద కుడికి తిరిగేటప్పుడు, మీరు తిరగబోయే రోడ్డును దాటే నడకవాళ్లకూ, మీ కుడి పక్క నుంచి తిన్నగా పోయే సైకిళ్లకూ చాలా చోట్ల అదే సమయంలో ఆకుపచ్చ ఉంటుంది. ముందు వాళ్లు, ఆ తర్వాత మీరు. బ్రిటన్‌లో తిరిగేటప్పుడు మీ మెడ ఎడమ భుజం వైపు తిరిగేది. ఇప్పుడు కుడి భుజం మీదుగా చూడాలి. జర్మనీలో కారు కొంటే స్టీరింగ్ ఎడమన ఉంటుంది, కాబట్టి ఆ సైకిల్ మీకు కారు ఆవలి చివర, అద్దంలో కూడా సరిగా దొరకని చోట ఉంటుంది.

ఎడమకు తిరగడం ఇప్పుడు కష్టమైన తిరుగుడు అవుతుంది, అది మీరు ఊహించినదే. ఒక్క చిన్న తేడా చెప్పి వదిలేస్తాను. ఎదురుగా వచ్చే కారు కూడా తన ఎడమకు తిరుగుతుంటే, జర్మనీలో మామూలుగా ఇద్దరూ ఒకరి ముందు నుంచి ఒకరు తిరుగుతారు. బ్రిటన్‌లో వీలైతే ఒకరినొకరు దాటుకుని వెనక నుంచి తిరగమని నేర్పిస్తారు. పాత అలవాటుతో మీరు ముందుకు సాగితే అతని దారికి అడ్డంగా నిలబడతారు.

పెద్ద హైవే మీద వాహనాలు నెమ్మదించి బారు కట్టడం మొదలవగానే, ఎడమ చివరి లేన్ వాళ్లు ఇంకా ఎడమకు, మిగతా అందరూ కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి వదలాలి. సైరన్ వినబడ్డాక కాదు, ముందే. ఇది బ్రిటన్‌లో లేదు, కాబట్టి తిప్పడానికి కూడా ఏమీ లేదు, కొత్తగా నేర్చుకోవడమే. ఊరి పేరు రాసిన పసుపు బోర్డు కూడా అలాంటిదే. వేరే అంకె రాసి లేకపోతే ఆ బోర్డు దగ్గర నుంచి 50 కిలోమీటర్ల పరిమితి మొదలైనట్టు. బ్రిటన్‌లో వీధి దీపాలు చూసి వేగ పరిమితిని పోల్చుకునే మీ కన్ను ఇక్కడ ఊరి పేరు చూసి పోల్చుకోవాలి.

మీ బ్రిటిష్ కారునే తీసుకెళ్తుంటే దీపాలు మర్చిపోవద్దు. బ్రిటన్ హెడ్‌లైట్ల కాంతి ఎడమ అంచు వైపు కాస్త పైకి లేస్తుంది. కుడివైపు రోడ్డు మీద ఆ ఎడమ అంచు అంటే ఎదురొచ్చేవాడి కళ్లు. కొన్ని కార్లలో మీట ఉంటుంది, లేకపోతే అద్దం మీద అతికించే స్టిక్కర్లు దొరుకుతాయి.

లైసెన్సు మార్పిడి సంగతి. మీరు విన్నది నిజమే, బ్రిటిష్ లైసెన్సు మీద మామూలు కారుకు థియరీ గానీ ప్రాక్టికల్ గానీ రాయక్కర్లేదు. అయితే అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి ఆరు నెలల వరకే మీ బ్రిటిష్ లైసెన్సు చెల్లుతుంది. ఈలోపు మార్చుకోకపోతే, మార్చుకునేదాకా బండి తీయకూడదు. దిగిన మొదటి నెలలోనే దరఖాస్తు పెట్టండి.

పరీక్ష లేదు కదా అని వదిలేయకండి. నేనైతే రెండు పనులు చేయమంటాను. జర్మన్ థియరీ ప్రశ్నలు ఇంగ్లిష్‌లోనూ ఉన్నాయి. అందులో ముందు హక్కు గురించిన భాగం ఒక్కటి తీసి, కూడలి బొమ్మలన్నీ చేయండి. ప్రతి బొమ్మలో ముందుగా వేలు పెట్టాల్సింది కారు మీద కాదు, బోర్డు మీద. బోర్డు లేకపోతే "లేదు" అని పైకి అనండి, ఆ తర్వాతే కుడివైపు చూడండి. వినడానికి చిన్నపిల్లల చదువులా ఉంటుంది కానీ, తల మరిచేది సరిగ్గా ఆ మొదటి అడుగే. రెండోది, వెళ్లాక స్థానిక డ్రైవింగ్ స్కూల్లో ఒకటి రెండు గంటలు తీసుకోండి. వాళ్లు మిమ్మల్ని హైవే మీదికి తీసుకెళ్లబోతే వద్దని, 30 జోన్లలోనే తిప్పమని అడగండి. మీరు తప్పు చేయబోయేది అక్కడే.

వైపు మర్చిపోయే ప్రమాదం కూడా రద్దీలో ఉండదు. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద, పెట్రోల్ బంకు లోంచి బయటికొచ్చేటప్పుడు, ఒకవైపే నడిచే వీధి చివర తిరిగేటప్పుడు చేతులు పాతవైపుకు లాగుతాయి. మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మూడు చోట్లా "కుడి" అని పైకి అనమనండి. బ్రిటన్‌కు సెలవులకు తిరిగి వెళ్లినప్పుడు ఆ మాట "ఎడమ" అవుతుంది. అక్కడ మాత్రం కుడి సందులోంచి వచ్చేవాడి కోసం నడిరోడ్డు మీద బ్రేకు వేయకండి, మీ వెనకవాడు అది ఊహించడు.